వచ్చినది ఎవరు? సూత్రం, అభ్యాసం, జవాబుదారీతనం

ఉపోద్ఘాతం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వ్యవహారంలో ‘నేను నిన్న వచ్చిన’ అనేది సంపూర్ణ వాక్యం. ప్రమాణ భాషగా స్థిరపడిన మధ్యమండల వ్యవహారంలో దానికి సమానమైన వాక్యం ‘నేను నిన్న వచ్చాను’. ‘వచ్చిన’ అనే రూపం ప్రమాణ భాషలోనూ ఉంది. అయితే అక్కడ అది సమాపక క్రియ కాదు, ‘వచ్చిన మనిషి’ వంటి చోట్ల నామానికి ముందు నిలిచే భూతకాలిక ధాతుజ విశేషణం. ఒక మండలంలో వాక్యాన్ని ముగించే రూపం మరో మండలంలో వాక్యాన్ని ముగియనీయదు. మాండలికాలను పరిశీలించేవారికి ఇది తెలిసిన సంగతే. మనుషులు మనుషులతో మాట్లాడుకున్నంత కాలం దీనివల్ల పెద్ద చిక్కు రాలేదు. అర్థం కాకపోతే వినేవారు మళ్లీ అడుగుతారు.

మాటను విని రాతలో పెట్టే పని, ఆ రాతను సంక్షేపించే పని, దాని ఆధారంగా నిర్ణయానికి తోవ చూపే పని యంత్రాలకు అప్పగిస్తున్న కాలంలో ఈ చిన్న వ్యాకరణ విషయం నైతిక ప్రశ్నగా మారుతుంది. యంత్రబుద్ధి పరిశోధనలో రెండు మార్గాలు మొదటినుంచీ ఉన్నాయి. ఒకటి, నిపుణుల జ్ఞానాన్ని సూత్రాలుగా రాసి వాటి నుంచి తర్కం ద్వారా నిర్ణయం రాబట్టే మార్గం. రెండవది, సూత్రాలు రాయకుండా లెక్కలేనన్ని ఉదాహరణలు చూపి, వాటినుంచి యంత్రమే క్రమాన్ని పట్టుకొనేలా చేసే మార్గం. ఈ రెంటినీ కలపాలని కొందరు పరిశోధకులు ఎందుకు కోరుతున్నారో ‘వచ్చిన’ అనే ఒక్క రూపం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కలపడం వల్ల కచ్చితత్వం పెరుగుతుందా అన్నది సాంకేతిక ప్రశ్న. ఒక మనిషి చెప్పిన మాటను తప్పుగా గ్రహించినప్పుడు ఆ తప్పుకు కారణం చూపగలమా, దాన్ని ఎదిరించే వీలు ఆ మనిషికి ఉంటుందా అన్నది నైతిక ప్రశ్న. ఈ వ్యాసానికి రెండవదే ప్రధానం.

లక్షణం, లక్ష్యం

ఈ రెండు మార్గాల భేదం వ్యాకరణశాస్త్రం చదివినవారికి కొత్త కాదు. సూత్రం లక్షణం, ప్రయోగం లక్ష్యం. ఈ రెండూ కలిసినదే వ్యాకరణమన్న నిర్ణయం మహాభాష్యం పస్పశాహ్నికంలోనే కనిపిస్తుంది. ఆ పరిభాషలో చెప్పాలంటే నిపుణ వ్యవస్థ లక్షణాన్ని మాత్రమే ఎరిగిన యంత్రం, అభ్యాస వ్యవస్థ లక్ష్యాన్ని మాత్రమే చూసిన యంత్రం.

నిపుణ వ్యవస్థలకు ప్రసిద్ధమైన ఉదాహరణ 1970లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మైసిన్. రక్తంలో చేరిన సూక్ష్మక్రిములను గుర్తించి తగిన మందును సూచించడం దాని పని. ‘ఈ లక్షణాలు ఉంటే ఈ క్రిమి కావచ్చు’ అనే తీరులో కొన్ని వందల సూత్రాలు అందులో ఉండేవి. ‘ఈ నిర్ణయానికి ఎలా వచ్చావు?’ అని వైద్యుడు అడిగితే, తాను వాడిన సూత్రాలను అది వరుసగా చూపేది. వాటిలో ఒక సూత్రం తప్పనిపిస్తే వైద్యుడు ఆ సూత్రాన్నే ఆక్షేపించవచ్చు.

ఈ పారదర్శకతకు ఒక హద్దు ఉందని తరువాత తేలింది. మైసిన్ సూత్రాలతో వైద్య విద్యార్థులకు బోధించాలని ప్రయత్నించిన విలియం క్లాన్సీ, ఆ సూత్రాలు ‘ఏమిటి’ అన్నది చెబుతాయి గాని ‘ఎందుకు’ అన్నది చెప్పవని 1983లో వివరించాడు. సూత్రం వెనుక ఉన్న శరీరధర్మ జ్ఞానం నిపుణుడి మనసులోనే ఉండిపోయింది, సూత్రంలోకి దిగలేదు. కాబట్టి సూత్రం చూపడమూ కారణం చూపడమూ పూర్తిగా ఒకటి కావు. అయినా సూత్రం ఉన్నచోట వాదానికి ఒక పట్టు దొరుకుతుంది.

అభ్యాస వ్యవస్థలో ఆ పట్టు లేదు. దాని జ్ఞానమంతా అసంఖ్యాకమైన సంఖ్యలలో చెదిరి ఉంటుంది. ‘వచ్చిన’ను విశేషణంగా ఎందుకు తీసుకున్నావని అడిగితే చూపడానికి ఒక వాక్యం దానివద్ద ఉండదు. తాను చూసిన ప్రయోగాలలో అదే ఎక్కువ అన్నదే దాని సమాధాన సారం.

రాజ్ రెడ్డి ప్రయోగశాల నుంచి ఒక పాఠం

ఈ రెండు మార్గాల సంఘర్షణ జరిగిన ప్రధాన క్షేత్రాలలో ఒకటి మాటను గుర్తించే విద్య. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి అక్కడ కేంద్రస్థానంలో ఉన్నారు. నిపుణ వ్యవస్థలకు ఆద్యుడైన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి 1994లో ఆయన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు.

1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం హియర్సే అనే వ్యవస్థను నిర్మించింది. అందులో ధ్వని తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసిన భాగం ఒకటి, వాక్యనిర్మాణం తెలిసిన భాగం ఒకటి ఉండేవి. ఇవన్నీ ఒక ఉమ్మడి నల్లబల్ల మీద తమ తమ ఊహలను రాసేవి. ఒక ఊహను మరొకటి బలపరచవచ్చు, కొట్టివేయవచ్చు. ఏ ఊహను ఎవరు రాశారో వెనక్కి వెళ్లి చూడవచ్చు. అదే విశ్వవిద్యాలయంలో 1976 నాటికి పూర్తయిన హార్పీ ఈ జ్ఞానాన్నంతా ఒకే పెద్ద వలగా ముందే కూర్చి, అందులో మెరుగైన దారిని వెతికింది. 1011 పదాల పరిధిలో అది హియర్సే కంటే మెరుగ్గా పనిచేసింది. తరువాతి దశలో సంఖ్యాశాస్త్ర పద్ధతులు మరింత బలపడ్డాయి. 1988 నాటి స్ఫింక్స్ కూడా రాజ్ రెడ్డి పర్యవేక్షణలోనే వచ్చింది. ఉదాహరణల నుంచి సంభావ్యతలను నేర్చుకోవడం దాని మూలసూత్రం.

సూత్రం ఓడింది, అభ్యాసం గెలిచిందని ఈ చరిత్రను సాధారణంగా చెబుతారు. కచ్చితత్వం వరకు అది నిజమే. ఆ క్రమంలో జారిపోయినది కూడా ఒకటి ఉంది. నల్లబల్ల మీద ప్రతి ఊహకూ ఒక కర్త ఉండేవాడు, పోటీ ఊహలు కంటికి కనిపించేవి. వలలో మిగిలేది గెలిచిన దారి మాత్రమే. ఓడిన ఊహలు ఏమిటో, ఎంత తేడాతో ఓడాయో తుది ఫలితం చూసేవారికి తెలియదు. ఒక మనిషి వాంగ్మూలం విషయంలో ఓడిన ఆ ఊహే నిజం కావచ్చు.

ఒక అర్జీ, నాలుగు అన్వయాలు

తెలంగాణ కలెక్టరేట్లలో సోమవారాల్లో ప్రజావాణి జరుగుతుంది. అక్కడ ఒక అర్జీదారు నోటిమాటగా చెప్పిన విన్నపాన్ని యంత్రం విని రాసిందని ఊహిద్దాం. ఇది ఊహించిన సందర్భమే గాని, ఇందులోని వాక్యం కరీంనగర్ వ్యవహారానికి సహజమైనది.

‘మొన్న ఆఫీసుకు వచ్చిన సారుకు కాయితాలు ఇచ్చిన రసీదు ఇయ్యలే.’

మాట్లాడేటప్పుడు ‘వచ్చిన’ తరువాత, ‘ఇచ్చిన’ తరువాత చిన్న విరామం ఉంటుంది. మాట రాతగా మారినప్పుడు ఆ విరామం పోయింది. ఇప్పుడు ఇందులోని రెండు ‘-ఇన’ రూపాలలో ప్రతిదానికీ రెండు అన్వయాలు సాధ్యం. అది ఉత్తమ పురుష ఏకవచన సమాపక క్రియ కావచ్చు, లేదా ధాతుజ విశేషణం కావచ్చు. రెండింటినీ కలిపితే నాలుగు అన్వయాలు వస్తాయి. వాటిని ప్రమాణ భాషలో ఇలా రాయవచ్చు.

ఒకటి: మొన్న ఆఫీసుకు వచ్చాను. సారుకు కాగితాలు ఇచ్చాను. రసీదు ఇవ్వలేదు.

రెండు: మొన్న ఆఫీసుకు వచ్చిన సారుకు కాగితాలు ఇచ్చాను. రసీదు ఇవ్వలేదు.

మూడు: మొన్న ఆఫీసుకు వచ్చాను. సారుకు కాగితాలు ఇచ్చిన రసీదు ఇవ్వలేదు.

నాలుగు: మొన్న ఆఫీసుకు వచ్చిన సారుకు కాగితాలు ఇచ్చిన రసీదు ఇవ్వలేదు.

అర్జీదారు ఉద్దేశం మొదటిది. తాను గడువు లోపల కార్యాలయానికి హాజరయ్యాడు, పత్రాలు సమర్పించాడు, అయినా రసీదు దొరకలేదు. నాలుగవ అన్వయంలో ఆఫీసుకు వచ్చినది సారు. కాగితాలు ఎవరు ఇచ్చారో తెలియదు. ‘ఇయ్యలే’, ‘ఇవ్వలేదు’ అనే వ్యతిరేక రూపాలకు పురుషభేదం లేదు. అందువల్ల రసీదు ఇవ్వనిది అధికారి కావచ్చు, అర్జీదారే కావచ్చు. రసీదు జతచేయలేదన్న లోపం చివరికి అర్జీదారు మీదికే మళ్లే అవకాశం ఉంది. నాలుగు అన్వయాలలో ‘నేను’ అనేది పూర్తిగా మాయమయ్యేది ఈ ఒక్కదానిలోనే.

గమనించదగిన విశేషం మరొకటి ఉంది. ఈ మండలంలో మిగిలిన పురుషవచనాలకు ఈ చిక్కు లేదు. ‘మేము వచ్చినం’, ‘నువ్వు వచ్చినవ్’, ‘వాడు వచ్చిండు’, ‘వాళ్లు వచ్చిండ్రు’ అనే రూపాలేవీ విశేషణంతో కలగలిసిపోవు. ‘వచ్చినాను’లోని చివరి అక్షరం లోపించి ‘వచ్చిన’ మిగిలినచోట, అంటే మాట్లాడే ఒక్క మనిషి తన గురించి తాను చెప్పుకొనేచోట మాత్రమే, ఈ సంకరం ఏర్పడుతుంది. సాక్షి, అర్జీదారు, ఫిర్యాదుదారు మాట్లాడేది సరిగ్గా ఈ రూపంలోనే.

ఒకే తప్పుకు రెండు దారులు

ప్రమాణ భాష సూత్రాలతో మాత్రమే నిర్మించిన పదవిశ్లేషకం ఈ వాక్యాన్ని ఎలా చూస్తుంది? దాని సూత్రపట్టికలో ‘-ఇన’ అంతమందున్న రూపానికి ధాతుజ విశేషణమన్న ఒకే గుర్తింపు ఉంటుంది. కాబట్టి దానికి దొరికేది నాలుగవ అన్వయం ఒక్కటే. మిగిలిన మూడూ దాని ఊహకే రావు.

అభ్యాస వ్యవస్థ అదే చోటికి మరో దారిన చేరుతుంది. అది నేర్చుకున్న పాఠాలలో పత్రికలు, పుస్తకాలు, ప్రభుత్వ ప్రకటనలు అధికమనుకుందాం. వాటిలో నామానికి ముందు వచ్చే ‘-ఇన’ రూపాలు నూటికి 99 విశేషణాలే అనుకుందాం. ఈ అంకెలు వివరణ కోసం ఊహించినవి. రెండు రూపాలనూ విడివిడిగా లెక్కిస్తే, రెండూ విశేషణాలు కావడానికి సంభావ్యత 0.99ను 0.99తో గుణిస్తే వచ్చేది, అంటే సుమారు 0.98. రెండూ సమాపక క్రియలు కావడానికి సంభావ్యత 10 వేలలో ఒకటి. యంత్రం నాలుగవ అన్వయాన్ని ఎంచుకుంటుంది. అంతేగాక ‘కాయితాలు’ను ‘కాగితాలు’ చేసి, ‘ఇయ్యలే’ను ‘ఇవ్వలేదు’ చేసి శుభ్రమైన వాక్యం రాసి పెడుతుంది.

ఫలితం ఒకటే అయినా ఈ రెండు తప్పుల స్వభావం వేరు. మొదటిదాని మూలం ఒక సూత్రం: ‘-ఇన’ విశేషణం మాత్రమే. కరీంనగర్ వ్యవహారం ఎరిగిన ఎవరైనా ఆ ‘మాత్రమే’ను వేలెత్తి చూపి, ఇది మా భాషకు అన్యాయమని చెప్పవచ్చు. రెండవదాని మూలంలో అలాంటి మాటేదీ లేదు. ఉత్తర తెలంగాణ రూపం తప్పని ఎవరూ రాయలేదు, ఎవరూ అనుకోలేదు. ఆ రూపం అరుదుగా కనిపించింది, అంతే. ‘ఇది తప్పు’ అనే తీర్పుతో వాదించవచ్చు. ‘ఇది అరుదు’ అనే లెక్కతో వాదించడానికి చోటు లేదు. పైగా తుది వాక్యం సాఫీగా ఉండడం వల్ల తప్పు జరిగినట్లు చదివేవారికి అనుమానం కూడా రాదు.

తప్పు ఎక్కడ ఉందో కనిపెట్టడానికి ఒక సులభ పరీక్ష ఉంది. అదే వాక్యాన్ని బహువచనంలో చెప్పి చూడాలి: ‘మొన్న ఆఫీసుకు వచ్చినం సారుకు కాయితాలు ఇచ్చినం రసీదు ఇయ్యలే.’ యంత్రం దీనిని ‘వచ్చాము’, ‘ఇచ్చాము’ అని సరిగా గ్రహించి ఏకవచనాన్ని మాత్రం తప్పుగా గ్రహిస్తే, దానికి ఈ మాండలికం తెలుసునన్నమాట. లోపం మొగ్గును తూచడంలో ఉంది. బహువచనాన్నీ తప్పుగా గ్రహిస్తే మాండలిక జ్ఞానమే లేదని అర్థం. ఈ రెండు లోపాలకూ చికిత్సలు వేరు.

సూత్రం చేర్చితే సరిపోతుందా?

లోపించిన సూత్రాన్ని చేర్చడం మొదటి చికిత్సగా తోస్తుంది. ‘-ఇన’ అంతమందున్న రూపం ఉత్తమ పురుష ఏకవచన సమాపక క్రియ కూడా కావచ్చునని రాస్తే ఇప్పుడు నాలుగు అన్వయాలూ దొరుకుతాయి. కాని ఆ సూత్రం అర్జీల దగ్గర ఆగదు. పత్రికలో కనిపించే ప్రతి ‘వచ్చిన’, ‘చేసిన’, ‘చెప్పిన’ ఇకమీదట రెండు విధాలుగా విడిపోతుంది. అలాంటి రూపాలు ఐదున్న వాక్యానికి 32 అన్వయాలు రావచ్చు. ఒక ప్రాంతానికి న్యాయం చేసే సూత్రం మిగిలిన అన్నిచోట్లా సందేహాన్ని పెంచుతుంది. నిపుణ వ్యవస్థలు కుంగిపోవడానికి ముఖ్య కారణాలలో ఇదొకటి. సూత్రాలు పెరిగినకొద్దీ ఒకదానితో ఒకటి ఎక్కడ తగులుకుంటాయో రాసినవారికే తెలియని స్థితి వస్తుంది.

పూర్వ వైయాకరణులు ఈ చిక్కును ఎరుగుదురు. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి కొన్ని కార్యాలను ‘బహుళం’ అన్నాడు. ఒకచోట నిత్యంగా జరగడం, ఒకచోట జరగకపోవడం, ఒకచోట వికల్పంగా జరగడం, ఒకచోట వేరొక కార్యం రావడం బహుళమని సంప్రదాయం. అంటే తాను నిర్ణయించలేని చోటును సూత్రమే గుర్తించి, అక్కడినుంచి ప్రయోగానికి అప్పగిస్తుంది. ఎక్కడ ఏది జరుగుతుందన్నది కవుల, శిష్టుల ప్రయోగాలు చూసి తెలుసుకోవలసిందే.

రెండు మార్గాలను కలపాలనే పరిశోధకుల ఆలోచనకు సారం దాదాపు ఇదే. సాధ్యమైనవి ఏవో సూత్రం చెప్పాలి, వాటిలో ఈ సందర్భానికి ఏది దగ్గరో అభ్యాసం తూచాలి. గణితంలో దీనికి విలోమక్రమంలో ఒక ఉదాహరణ ఉంది. 2024 జనవరిలో డీప్‌మైండ్ సంస్థ ప్రకటించిన ఆల్ఫాజామెట్రీలో, ఏ అదనపు రేఖను గీయాలో అభ్యాస భాగం సూచిస్తుంది. ఆ సూచన నుంచి నిరూపణను మెట్టు మెట్టుగా రాబట్టే పని తర్కయంత్రానిది. అంతర్జాతీయ ఒలింపియాడ్ స్థాయి రేఖాగణిత సమస్యలు 30లో 25 అది సాధించింది. ఊహ తప్పైనా నిరూపణ తప్పు కాదు, ఎందుకంటే ప్రతి మెట్టూ సూత్రానికి లోబడి ఉంటుంది. అయితే భాషలో అంత కఠినమైన తర్కయంత్రం లేదు. నాలుగు అన్వయాలూ వ్యాకరణసమ్మతాలే. సూత్రం అసాధ్యాన్ని తొలగించగలదు గాని, సాధ్యాలలో నిజమేదో చెప్పలేదు.

అభ్యాసానికి చూపడానికి లక్ష్యమే తక్కువైనచోట సూత్రం విలువ మరింత స్పష్టమవుతుంది. ఆదిలాబాద్ ప్రాంతపు గోండి దీనికి నిదర్శనం. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషీయులు సుమారు 29 లక్షలు. అయినా యంత్రం నేర్చుకోదగినంత లిఖిత సామగ్రి లేదు. తెలుగులో ఏకవచనంలో స్త్రీవాచకాలు అమహద్వాచకాలతో కలిసి ‘వచ్చింది’ అనే రూపం తీసుకుంటాయి. బహువచనంలో మాత్రం స్త్రీపురుషులిద్దరికీ ‘వచ్చారు’ ఒక్కటే. గోండిలో బహువచనంలో కూడా స్త్రీలు పురుషేతర వర్గంలోనే ఉంటారు. తెలుగు ఉదాహరణల బలంతో గోండిని ఊహించే యంత్రం స్త్రీల బృందానికి పురుష బహువచన క్రియను తగిలించే ప్రమాదం ఉంది. ఈ భేదాన్ని వర్ణనాత్మక వ్యాకరణం నుంచి ఒక్క సూత్రంగా తీసుకుని చేర్చితే, వేల ఉదాహరణలు దొరికేదాకా వేచి ఉండనవసరం లేదు.

ఎక్కువమంది అన్నది ఈ మనిషి అన్నదానికి ఆధారమా?

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. లోపం అభ్యాస పద్ధతిది కాదు, సామగ్రిది మాత్రమేనని, కరీంనగర్ మాటలను తగినన్ని వినిపిస్తే యంత్రం తానే నేర్చుకుంటుందని అనవచ్చు. ఈ వాదాన్ని తోసిపుచ్చలేం. పై లెక్కలోనే అర్జీదారుల మాటల్లో నూటికి 50 రూపాలు సమాపక క్రియలని తేలితే, నాలుగు అన్వయాలకూ తలా పావువంతు సంభావ్యత వస్తుంది. విరామాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే మొదటి అన్వయమే ముందుకు రావచ్చు. చేతితో రాసిన జ్ఞానాన్ని పెద్ద ఎత్తు అభ్యాసం పదే పదే దాటిపోయిందని రిచర్డ్ సటన్ 2019లో చేసిన వాదానికి మాట గుర్తింపు చరిత్రే సాక్ష్యం.

కాని సామగ్రి ఎంత పెరిగినా ఒక ప్రశ్న మిగులుతుంది. బ్రిటిష్ తాత్త్వికుడు ఎల్. జొనాథన్ కోహెన్ 1977లో ఒక ఊహాసందర్భాన్ని చర్చించాడు. ఒక ప్రదర్శనకు 1000 మంది వచ్చారు, టికెట్ కొన్నది 499 మంది. ఎవరు కొన్నారో ఆధారం లేదు. వచ్చినవారిలో ఎవరిని పట్టుకున్నా వారు టికెట్ కొనకుండా వచ్చి ఉండే సంభావ్యత సగానికి మించుతుంది. అంతమాత్రాన ఆ మనిషిని దోషిగా నిర్ణయించవచ్చునా? కూడదని మనకు తోస్తుంది. ఆ లెక్క గుంపును గురించి చెబుతుంది, ఎదుట నిలిచిన మనిషి ఏం చేశాడో చెప్పదు.

‘వచ్చిన’ విషయంలోనూ జరిగేది ఇదే. పత్రికలు రాసినవారు ఆ రూపాన్ని ఎలా వాడారన్నది ఈ అర్జీదారు ఏమన్నాడన్నదానికి సూచన కాగలదు గాని సాక్ష్యం కాలేదు. మనిషి శ్రోత కూడా అలవాటు బలంతోనే వింటాడు కదా అనవచ్చు. నిజమే. అయితే ఆ శ్రోతకు మళ్లీ అడిగే బాధ్యత ఉంది, అడగకపోతే ఎందుకు అడగలేదని అతణ్ని నిలదీయవచ్చు. సంభావ్యతను తీర్పుగా మార్చేచోట ఆ బాధ్యత ఎవరిదో చెప్పలేకపోవడమే అన్యాయానికి మూలం.

ఈ ప్రశ్నకు మన దగ్గర ఒక పాత సమాధానం ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై హైదరాబాదులో కొనసాగిన అనుసారక ప్రయత్నంలో తెలుగు నుంచి హిందీకి కూడా వ్యవస్థను నిర్మించారు. దాని వెనుక ఉన్న పాణినీయ దృష్టిని వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ తదితరులు 1995 నాటి గ్రంథంలో వివరించారు. మూలంలోని సమాచారాన్ని పోగొట్టకుండా అందించడం, యంత్రం తేల్చలేని సందేహాన్ని తేల్చినట్లు నటించకుండా చదువరికి వదిలిపెట్టడం అనుసారక నియమం. దీనికి పరిమితి లేకపోలేదు. అలాంటి పాఠాన్ని చదవడానికి కొంత శిక్షణ కావాలి. తీరిక లేని అధికారి నాలుగు అన్వయాలను ముందు పెట్టుకుని కూర్చోడు.

అందువల్ల కలయికలో మూడు పనులను విడదీసి చూడాలి. సాధ్యమైన అన్వయాలను, ఒక్కొక్కటి ఏ సూత్రం వల్ల సాధ్యమైందో, సూత్ర భాగం చూపాలి. వాటి మొగ్గును అభ్యాస భాగం తూచాలి. మొగ్గు స్వల్పమైనప్పుడు, లేదా మొగ్గు ఎంత ఉన్నా అన్వయం మారితే ఒకరి హక్కు మారేటప్పుడు, నిర్ణయం యంత్రంలో జరగకూడదు. ‘ఆఫీసుకు వచ్చినది మీరా, సారా?’ అన్న ఒక్క ప్రశ్న అర్జీదారుకు చేరాలి. అభ్యాసం ఒంటరిగా ఉంటే ఎన్ని సందేహాలు ఉన్నాయో కనబడదు కాబట్టి ఏ ప్రశ్న అడగాలో తేలదు. సూత్రం ఒంటరిగా ఉంటే ప్రతి వాక్యానికీ పదుల కొద్దీ ప్రశ్నలు అడగాలి, ఎవరూ సమాధానం చెప్పరు. రెండూ కలిస్తేనే అడగవలసిన ఒక్క ప్రశ్న తేలుతుంది.

ఈ కలయికను అతిగా నమ్మడం కూడా ప్రమాదమే. అన్వయాలు ఎందుకు సాధ్యమో సూత్రం చెబుతుంది గాని, వాటిలో ఒకదాన్ని ఎందుకు ఎంచుకున్నదీ చెప్పదు. ఆ ఎంపిక సంఖ్యదే. సూత్రభాషలో అందంగా వివరణ ఇచ్చి, సంఖ్య చేసిన ఎంపికకు సూత్రం కారణమన్నట్లు చూపితే, అది మౌనం కంటే పెద్ద అసత్యం. ఇక జాబితాలో లేని అన్వయాన్ని అభ్యాసం ఎంచుకోలేదు. కాబట్టి సూత్రాలు ఎవరి భాషను చూసి రాశారన్న ప్రశ్న కలయికలోనూ అలాగే మిగులుతుంది.

ముగింపు

తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించిన భద్రిరాజు కృష్ణమూర్తి కాలం నుంచి మాండలిక పరిశోధన మన శాఖలలో వర్ణన కోసం జరుగుతూ వస్తున్నది. ఏ రూపం ఎక్కడ వాడుకలో ఉందో నమోదు చేస్తే పని పూర్తయ్యేది. ఇప్పుడు ఆ నమోదుకు మరో ప్రయోజనం ఏర్పడింది. ఒక రూపం ఏ మండలంలో ఏయే అన్వయాలకు అవకాశమిస్తుంది, ఏ రూపంతో కలగలుస్తుంది, విరామం దాన్ని ఎలా విడదీస్తుంది అన్న పట్టిక లేకపోతే, కలయిక వ్యవస్థకు తూచడానికి అన్వయాలే దొరకవు. ఆ పట్టికను తయారుచేయగల జ్ఞానం గణకశాస్త్ర శాఖలలో కంటే తెలుగు శాఖలలోనే ఎక్కువగా ఉంది.

సూత్రం తప్పుకు ఒక చిరునామా ఇస్తుంది. అభ్యాసం సూత్రం చూడని ప్రయోగాన్ని చూస్తుంది. ఈ రెండింటి మధ్య ‘నేను ఆఫీసుకు వచ్చిన’ అని చెప్పే మనిషి మాటను సారు రాకగా రాసిపెట్టకుండా ఉండాలంటే, సందేహం ఉందని యంత్రం ఒప్పుకోవాలి, మళ్లీ అడగవలసిన బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండాలి. రెండు మార్గాలను కలపాలన్న కోరికకు కచ్చితత్వం ఒక కారణం. అర్జీదారుకు తన వాక్యంలో తన చోటు దక్కడం అంతకంటే బలమైన కారణం.